మారటోరియం ఉన్న లోన్: ప్రపోజల్‌లో వడ్డీ లెక్క కుదరకపోతే ఎక్కడ వెతకాలి

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. లోన్ 12 లక్షలు. వడ్డీ ఏడాదికి 12 శాతం, అంటే నెలకు 1 శాతం. మొత్తం గడువు 60 నెలలు, అందులో మొదటి 6 నెలలు మారటోరియం, అంటే వాయిదాలు ఉండవు. డబ్బంతా మొదటి రోజే చేతికి వచ్చిందనుకుందాం.

సమస్య: చెల్లింపు షెడ్యూల్ చివరి వరుసలో బాకీ సున్నా కావడం లేదు

ముందు ఎంత మిగిలిందో చూడండి. తప్పు ఎక్కడుందో చాలాసార్లు ఆ అంకే చెప్పేస్తుంది.

ఐదో పదో రూపాయలు మిగిలితే అది రౌండింగ్ తేడా. మన లోన్‌కి ఈఎంఐ 28,867.90 వస్తుంది. దాన్ని 28,868 చేస్తే చివరికి 7 రూపాయలు ఎక్కువ కట్టినట్టు తేలుతుంది. చివరి వాయిదాను 28,861 అని రాసేస్తే సరి. బ్యాంకులూ చివరి వాయిదాలోనే సర్దుతాయి కాబట్టి దీనికి టెన్షన్ పడక్కర్లేదు.

అలా కాకుండా లక్షన్నర దాకా మిగిలిందంటే వాయిదాల సంఖ్య తప్పింది. గడువు 60 నెలలని ఉంది కదా అని ఈఎంఐని 60 వాయిదాలకు లెక్కేస్తే 26,693 వస్తుంది. కానీ మొదటి 6 నెలల్లో వాయిదా లేదు, కట్టేది 54 మాత్రమే. ఏడో నెల నుంచి 26,693 చొప్పున కట్టుకుంటూ వెళ్తే, మారటోరియం వడ్డీ నెలనెలా కట్టేసినా సరే, అరవయ్యో నెల చివర దాదాపు 1,54,700 బాకీ ఉండిపోతుంది. మారటోరియం వడ్డీని కూడా కట్టకుండా అసలులో కలిపి ఉంటే మిగిలేది 2,81,000 దాటుతుంది.

సరిచేయడానికి ముందు లోన్ షరతులు మళ్లీ చదవండి. 60 నెలలు మారటోరియంతో కలిపా, అది పోనా? కలిపి అయితే వాయిదాలు 54. విడిగా అయితే వాయిదాలు 60, గడువు 66 నెలలకు పోతుంది. మీకు ఏది అర్థమైందో ప్రపోజల్‌లో మాటల్లోనే రాయండి: "మొత్తం గడువు 60 నెలలు, 6 నెలల మారటోరియంతో కలిపి, మొదటి వాయిదా 7వ నెల చివర." ఈ ఒక్క వాక్యం లేకపోతే పరిశీలించేవాళ్లు తమకు తోచిన లెక్క వేసుకుని, మీ అంకెలు తప్పని పక్కన పెడతారు.

సమస్య: మొత్తం వడ్డీ బ్యాంకు చెప్పినదాని కంటే తక్కువ వస్తోంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తేడా ఇదే, కారణాలు మాత్రం రెండు.

మొదటిది, మారటోరియం వడ్డీని మరిచిపోవడం. మారటోరియం అంటే వాయిదాకు విరామం, వడ్డీకి కాదు. ఆ 6 నెలలూ నెలకు కనీసం 12,000 చొప్పున వడ్డీ పడుతూనే ఉంటుంది. దాన్ని ఏం చేస్తున్నారన్నదాన్ని బట్టి లెక్క రెండు దారులు పడుతుంది.

నెలనెలా కట్టేస్తే మారటోరియంలో పోయేది 72,000. అసలు 12 లక్షలుగానే ఉంటుంది, ఈఎంఐ 28,868. ఆ 54 వాయిదాల్లో వడ్డీ వాటా 3,58,867. రెండూ కలిపితే మొత్తం వడ్డీ 4,30,867.

కట్టకుండా నెలనెలా అసలులో కలిపితే 6 నెలల తర్వాత బాకీ 12,73,824 అవుతుంది. ఈఎంఐ దాని మీద వేయాలి కాబట్టి 30,644కి పెరుగుతుంది. మొత్తం వడ్డీ 4,54,768. అంటే ఆరు నెలలు వడ్డీ కట్టకపోయినందుకు దాదాపు 23,900 అదనంగా పోతుంది.

షీట్‌లో ఈ రెండూ ఇలా ఉంటాయి:

```
=PMT(1%,54,-1200000)
=PMT(1%,54,-1200000*(1+1%)^6)
```

రెండో కారణం కొంచెం దొంగచాటుగా ఉంటుంది. వడ్డీని అసలులో కలిపాక మొత్తం చెల్లింపు 16,54,768. అందులోంచి 12,73,824 తీసేసి "వడ్డీ 3,80,944" అని రాసేస్తారు. చూడ్డానికి నెలనెలా వడ్డీ కట్టే పద్ధతి కంటే ఇదే చవకగా కనిపిస్తుంది. వడ్డీ వాయిదా వేసుకుంటే ఖర్చు తగ్గినట్టు మీ పట్టిక చూపిస్తే, తప్పు ఇక్కడే ఉందని నమ్మండి. తీసేయాల్సింది చేతికి వచ్చిన 12 లక్షలనే. అసలులో కలిసిన 73,824 కూడా వడ్డీయే, పేరు మారిందంతే.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. 73,824ని అసలులో కలిపేసి, మళ్లీ ప్రాజెక్ట్ వ్యయంలో "ప్రారంభానికి ముందు వడ్డీ" అని 72,000 రాయడం. అప్పుడు ఖర్చు రెండుసార్లు లెక్కకొస్తుంది. ప్రాజెక్ట్ వ్యయంలో ఆ వరుస ఉంటే నెలనెలా కడుతున్నట్టు. లేకపోతే అసలులో కలిపినట్టు. రెండింట్లో ఒకటే ఉండాలి.

సమస్య: మొత్తం వడ్డీ దగ్గరగా ఉంది కానీ నెల వాయిదా కుదరడం లేదు

ఇది వాయిదా పద్ధతిలో తేడా. కొన్ని లోన్లకు ఈఎంఐ ఉండదు. అసలును సమాన భాగాలు చేసి, మిగిలిన బాకీ మీద వడ్డీ విడిగా తీసుకుంటారు. మన ఉదాహరణలో అసలు నెలకు 22,222. మొదటి వాయిదా వడ్డీతో కలిపి 34,222, చివరిది 22,444. వాయిదాల్లో వడ్డీ 3,30,000, మారటోరియం 72,000తో కలిపి 4,02,000.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. పైన తప్పుగా వేసిన 60 నెలల ఈఎంఐ లెక్కలో మొత్తం వడ్డీ 4,01,600 వస్తుంది. దాదాపు ఇదే అంకె, కేవలం కాకతాళీయం. బ్యాంకు 4,02,000 అని చెప్పింది, మీ షీట్ 4,01,600 చూపించింది, సరిపోయిందని వదిలేస్తే, మొదటి వాయిదా నాడు 26,693 సిద్ధం చేసుకున్నచోట 34,222 కట్టాల్సి వస్తుంది. అందుకే మొత్తం వడ్డీ ఒక్కటే పోల్చకండి. మొదటి వాయిదా, చివరి వాయిదా, చివరి బాకీ కూడా పోల్చండి.

సమస్య: నగదు ప్రవాహ పట్టికలో మొదటి నెలలే మైనస్

వడ్డీ నెలనెలా కడతామని రాశారు, కానీ ఇంకా ఆదాయం మొదలవ్వలేదు. ఆ 72,000 ఎక్కడి నుంచి వస్తుందో పట్టికలో లేదు. దాన్ని ప్రాజెక్ట్ వ్యయంలో చేర్చి, సొంత పెట్టుబడి నుంచో లోన్ నుంచో వస్తుందని చూపించాలి. లోన్ నుంచే అయితే లోన్ మొత్తం పెరుగుతుంది, దాంతో వడ్డీ కూడా మారుతుంది. కాబట్టి లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి. నా మటుకు చిన్న ప్రాజెక్టుల్లో దీన్ని సొంత పెట్టుబడిలో చూపడమే మేలు. లెక్క సూటిగా ఉంటుంది, ఎవరు అడిగినా వివరించడం తేలిక.

సమస్య: మారటోరియం వడ్డీ బ్యాంకు లెక్క కంటే ఎక్కువ వస్తోంది

లోన్ విడతలుగా విడుదలైతే ఇలా అవుతుంది. 6 లక్షలు మొదటి రోజు, మిగతా 6 లక్షలు మూడు నెలల తర్వాత వస్తే, మొదటి మూడు నెలల వడ్డీ నెలకు 6,000, తర్వాతి మూడు నెలలకు 12,000. కలిపి 54,000, 72,000 కాదు. షెడ్యూల్‌లో "ఈ నెల విడుదలైన మొత్తం" అనే నిలువు వరుస పెట్టి, వడ్డీని ఆ నెల మొదట విడుదలైనది కూడా కలిపిన బాకీ మీద వేయండి. విడుదల తేదీ ముందుకో వెనక్కో జరిగితే ఆ మొత్తాన్ని కొత్త నెల గడిలోకి మారిస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.