ఇన్వర్స్ కట్టాక x తిరిగి రావడం లేదా? ఘాత, లాగ్ ప్రమేయాల్లో తప్పు పట్టుకోవడం

మారతహళ్ళిలో సాయంత్రాలు సెకండ్ పీయూసీ పిల్లలకు లెక్కలు చెబుతాను. "సార్, ఇన్వర్స్ కట్టాను, చెక్ చేస్తే x రావడం లేదు" అని నోటుబుక్కు పట్టుకుని ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: "ఒక నంబరు వేసి చూశావా?" ఎక్కువసార్లు చూసి ఉండరు. అర పేజీ లాగ్ సూత్రాలు రాసి ఉంటారు గానీ ఒక్క నంబరు వేసి ఉండరు.

అందుకే అన్నిటికన్నా ముందు ఆ పని చేయండి. మీ ప్రమేయం f, మీరు కట్టిన ఇన్వర్స్ g అనుకుందాం. తేలిక నంబరు ఒకటి f లో వేయండి. వచ్చిన విలువను g లో వేయండి. మొదటి నంబరు తిరిగి రావాలి. రాకపోతే తప్పు ఎక్కడుందో కింద వెతకండి.

ఏ నంబరు వేసినా తిరిగి రావడం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ విప్పిన వరుసే. ఈ ప్రమేయం చూడండి:

```
f(x) = 5·2^(x-1) + 3
```

ఇందులో x కి జరిగేది వరుసగా ఇదీ: 1 తీసేస్తాం, 2 కి ఘాతంగా ఎక్కిస్తాం, 5 తో గుణిస్తాం, 3 కలుపుతాం. టిఫిన్ క్యారియర్లో ఆఖరున పెట్టిన గిన్నె ముందు బయటికొస్తుంది. ఇక్కడా అంతే. ముందు 3 తీసేయాలి, తర్వాత 5 తో భాగించాలి, అప్పుడే లాగ్ తీసుకోవాలి, చివర 1 కలపాలి.

```
g(x) = log₂((x-3)/5) + 1
```

f(3) అంటే 5·4 + 3, అంటే 23. g(23) అంటే log₂4 + 1, అంటే 3. తిరిగి వచ్చింది.

పిల్లలు రెండు చోట్ల జారుతారు. కొందరు 5 ని, 2 ని కలిపేసి 10^(x-1) అని రాస్తారు. ఘాతం ఉన్నది 2 కి మాత్రమే, 5 కి లేదు. అలా కలిపి కట్టిన ఇన్వర్స్‌లో 23 వేస్తే 3 బదులు 2.3 వస్తుంది. ఇంకొందరు 3 ని తీయకుండానే లాగ్ వేసి, కూడికలో ఒక్కో ముక్కకూ విడిగా లాగ్ పంచుతారు. లాగ్ గుణకారాన్ని కూడికగా మారుస్తుంది. కూడికను మాత్రం అది విడదీయలేదు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. g లో 2 వేస్తే ఏమీ రాదు, ఎందుకంటే లోపల రుణ సంఖ్య పడుతుంది. అది తప్పు కాదు. f ఇచ్చే విలువలన్నీ 3 కంటే పెద్దవే కాబట్టి g డొమైన్ x > 3. ఆ మాట జవాబులో రాయాలి.

చేత్తో చేస్తే సరిపోతోంది, క్యాలిక్యులేటర్లో రావడం లేదు

పన్నెండో తరగతి పుస్తకంలో ఆధారం రాయకుండా log x అంటే e ఆధారంగా ఉన్న లాగ్. క్యాలిక్యులేటర్లో log మీట నొక్కితే వచ్చేది 10 ఆధారంగా ఉన్నది. ln మీట నొక్కండి. రావాల్సిన విలువ 2.303 రెట్లు తగ్గి కనిపిస్తే కారణం ఇదేనని తెలుసుకోవచ్చు.

కాగితం మీద x వచ్చింది, అయినా ఒక నంబరు వస్తోంది, ఇంకొకటి రావడం లేదు

నన్ను దెబ్బతీసింది ఇదే, కాబట్టి నిదానంగా చెబుతాను. ప్రమేయం ఇదీ:

```
f(x) = ln((x-3)²) + 1
```

అందరూ చేసేది ఏమిటంటే, వర్గంలోని 2 ని ముందుకు తెచ్చి 2 ln(x-3) + 1 అని రాసుకుంటారు. అక్కడినుంచి ఇన్వర్స్ సులువుగా వచ్చేస్తుంది:

```
g(x) = 3 + e^((x-1)/2)
```

ఇప్పుడు చెక్. f(g(x)) చేస్తే వర్గం, సగం కొట్టేసుకుపోయి శుభ్రంగా x వస్తుంది. అక్కడితో టిక్కు పెట్టి ముగిస్తారు. ఇంకాస్త ఓపికున్నవాళ్ళు g(f(x)) కూడా చేస్తారు. కానీ అందులోనూ మళ్ళీ 2 ని ముందుకు తెస్తారు కాబట్టి అదీ x అనే చూపిస్తుంది. కట్టడంలో జరిగిన తప్పే చెక్‌లోనూ జరిగితే, ఆ చెక్‌కు తప్పు దొరకదు.

నంబర్లు వేయండి, క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. f(4) అంటే ln 1 + 1, అంటే 1. g(1) అంటే 3 + 1, అంటే 4. బాగుంది. ఇప్పుడు 2 వేయండి. f(2) కూడా ln 1 + 1, అంటే 1 అవుతుంది. g(1) మాత్రం 4 నే ఇస్తుంది. మనం పంపింది 2, తిరిగొచ్చింది 4.

వర్గం గుర్తును దాచేస్తుంది. ln((x-3)²) కి 3 తప్ప అన్ని విలువలూ చెల్లుతాయి. 2 ln(x-3) కి 3 కంటే పెద్దవే చెల్లుతాయి. 2 ని ముందుకు తెచ్చిన క్షణంలో డొమైన్‌లో సగం పోయింది. సరైన రూపం 2 ln|x-3|. దానితో g(f(x)) చేస్తే వచ్చేది ఇదీ:

```
g(f(x)) = 3 + |x-3|
```

x అనేది 3 కంటే పెద్దదైతేనే ఇది x కి సమానం. మరి f(g(x)) ఈ తప్పును ఎందుకు పట్టలేదు? అది g ఇచ్చిన విలువతో మొదలవుతుంది, g ఎప్పుడూ 3 కంటే పెద్దదే ఇస్తుంది. ఎడమ పక్క నంబర్లు ఆ చెక్‌లోకి అసలు రావు. అందుకే నిర్వచనం రెండు వైపులా కూర్చమంటుంది.

ఒక ఏడాది ప్రాక్టీసు పేపర్లో ఇదే లెక్కను x < 3 అన్న షరతుతో నేనే ఇచ్చాను. f(g(x)) ఒక్కటే చూసి, జవాబులో ప్లస్ రాసుకున్నాను. ఒక అమ్మాయి 3 - e^((x-1)/2) అని రాస్తే మార్కులు తీసేశాను. మర్నాడు ఆమె 2 వేసి చూపించింది. ఆమె జవాబులో 3 - 1, అంటే 2 తిరిగి వస్తోంది. నా జవాబులో రావడం లేదు. మార్కులు ఇచ్చేశాను. అప్పటినుంచి రెండు వైపులా చూడకుండా ఏ జవాబుకూ టిక్కు పెట్టలేదు.

పరిష్కారం ఇదీ. x > 3 అని ఇస్తే ప్లస్, x < 3 అని ఇస్తే మైనస్. ఏ షరతూ లేకపోతే ఈ f కి ఇన్వర్స్ లేదు, ఎందుకంటే 2 కీ 4 కీ ఒకే విలువ ఇస్తోంది. అలాగే రాయండి. వేసే నంబర్లు ప్రశ్నలో ఇచ్చిన డొమైన్ లోపలివే కావాలి. డొమైన్ మధ్యలో ఖాళీ ఉంటే దానికి రెండు పక్కలా ఒక్కొక్కటి తీసుకోండి.

దీనికి తిరగబడ్డ రూపం కూడా ఉంది. ln x + ln(x-2) ని కలిపి ln(x²-2x) అని రాస్తే, ఈసారి డొమైన్ పెరుగుతుంది. వర్గ సమీకరణం రెండు మూలాలు ఇస్తుంది. అసలు ప్రమేయానికి x > 2 ఉండాలి కాబట్టి 1 + √(1+e^x) ఒక్కటే ఇన్వర్స్. రెండోది ఎప్పుడూ రుణ సంఖ్యే, వదిలేయండి.

అరుదుగా కనిపించేవి

f⁻¹ ని 1/f అనుకోవడం ఈ తరగతికి వచ్చేసరికి చాలావరకు పోతుంది. ఆధారం 1/2 లాంటిదైతే ప్రమేయం తగ్గుతూ పోతుంది, పద్ధతి మాత్రం మారదు. అసమానతలో లాగ్ వేసేటప్పుడు మాత్రం గుర్తు తిరుగుతుంది. ఆధారం 1 అయితే ప్రమేయం స్థిరం, దానికి ఇన్వర్స్ లేదు.