మోకాళ్లు అరిగినవాళ్లు పూల్‌లో ఎంత లోతులో నడవాలి
మోకాళ్లు అరిగి నేల మీద నాలుగడుగులు వేయలేనివాళ్లు పూల్‌లో నడిచి చూడండి, ఈత రాకపోయినా పర్లేదు, కానీ లోతు ముఖ్యం. నడుము లోతులో కాళ్ల మీద పడే బరువు దాదాపు సగమవుతుంది, ఛాతీ లోతులో దాదాపు మూడో వంతే మిగులుతుంది. మా అమ్మ మొదట్లో మునివేళ్ల మీద తేలుతూ నడిచేది, పిక్కలు పట్టేసేవి. ముందు మడమ ఆనించి తర్వాత పాదమంతా మోపడం అలవాటయ్యాక సర్దుకుంది. మొదటి వారం గోడ పట్టుకుని 10 నిమిషాలు చాలు. నీళ్లలో నొప్పి అంతగా తెలియదు కాబట్టి ఎక్కువ చేసేస్తాం, అందుకే బయటికొచ్చిన 2 గంటల తర్వాత కూడా మామూలు కన్నా నొప్పి ఎక్కువగా ఉంటే ఈసారి సమయం తగ్గించండి. మెట్లెక్కి వస్తుంటే బరువంతా ఒక్కసారిగా మోకాళ్ల మీదికి వస్తుంది, రెయిలింగ్ వదలకండి.