పాఠ్యప్రణాళిక రాయడం – నాలుగో పాఠం: పళ్లెం ముందా, మాట ముందా?

పోయిన పాఠంలో ఆరో తరగతి విజ్ఞానశాస్త్రం నుంచి మిశ్రమాలను వేరుచేయడం అనే అంశం తీసుకుని లక్ష్యాలు, కృత్యం, మూల్యాంకన ప్రశ్నలు రాశాం. కాగితం మీద అది నిండుగానే కనిపిస్తోంది. ఇప్పుడు దాన్ని ఎదురుగా పెట్టుకుని చూడండి. బల్లలు ఎవరు తిప్పుతారో, ఎప్పుడు తిప్పుతారో అందులో ఎక్కడైనా ఉందా? నా పాత ప్రణాళికల్లో ఉండేది కాదు. ‘పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి సామగ్రి ఇస్తాను’ అని ఒక వాక్యం రాసి ఊరుకునేవాణ్ణి.

ఆ వాక్యం ఏం చేసిందో చెబుతాను. విజయనగరం జిల్లాలో ఒక పల్లె బడి, 36 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్. బియ్యం, ఇసుక, ఉప్పు కలిపిన మిశ్రమం, టీ వడకట్టే జల్లెడ, అర గ్లాసు నీళ్లు ఒక్కో పళ్లెంలో పెట్టి ముందే అందరికీ పంచేశాను. ఆ తరువాత ఎలా చేయాలో చెప్పడం మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు. చేతికి అందిన నీళ్లను వదిలిపెట్టి నా మొహం చూసే పిల్లలు ఉంటారా? మూడో వాక్యానికే రెండు జట్లు మిశ్రమంలో నీళ్లు పోసేశాయి. తడిసిన బియ్యానికి ఇసుక అంటుకుపోయింది, ఇక జల్లెడ పనికిరాదు. ‘మాస్టారూ, మా ఉప్పు కనబడటం లేదు’ అని వెనక నుంచి ఒకడు ఫిర్యాదు చేశాడు. నిజానికి ఆ రోజు పాఠం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. దాన్ని పట్టుకుని మాట్లాడేలోపే గంట కొట్టారు.

పిల్లలు అల్లరి చేశారని అప్పుడు అనుకున్నాను. తప్పు పంచిన క్రమానిది. తరగతి నిర్వహణ మీద 1970లో తన పరిశీలనలు ప్రచురించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేకబ్ కూనిన్‌కు కనిపించినదీ ఇలాంటిదే. తరగతిని బాగా నడిపేవారికీ నడపలేనివారికీ తేడా అల్లరి జరిగాక చేసే మందలింపులో లేదు. అల్లరి రాకముందే తరగతిని నడిపే తీరులో ఉంది, ఒక పని నుంచి ఇంకో పనికి పిల్లలను ఎలా దాటిస్తారన్నది అందులో ముఖ్యమైనది. మనం ప్రణాళికలో రాయాల్సింది ఆ దాటింపునే.

ముందు పంపకం సంగతి చూద్దాం. నియమం చిన్నదే: చెప్పడం పూర్తయ్యాక పంచాలి, వరుసను చెడగొట్టే వస్తువును చివరి దాకా మన దగ్గరే ఉంచుకోవాలి. ఈ పాఠంలో ఆ వస్తువు నీళ్లు. అందుకే పంపకం రెండు విడతలు. మొదటి విడతలో పళ్లెం, మిశ్రమం, జల్లెడ, కింద పరుచుకోవడానికి పాత వార్తాపత్రిక. బియ్యం విడిపోయి, ఇసుకా ఉప్పూ కాగితం మీద పడ్డాయని నేను చూశాకే ఆ జట్టుకు నీళ్ల గ్లాసు. సామగ్రిలోనూ ఒక మెలిక ఉంది. చంపావతి ఏటి ఇసుకను ఉన్నదున్నట్టు కలిపితే పెద్ద రేణువులు బియ్యంతోపాటు జల్లెడలోనే నిలిచిపోతాయి. కాబట్టి ఇసుకను అదే జల్లెడతో ముందురోజు ఒకసారి జల్లించి ఉంచుకోండి. కల్లుప్పు వద్దు, మెత్తని ఉప్పు కలపండి.

ఎవరు పంచాలి? టీచరు తొమ్మిది జట్ల దగ్గరికీ తిరిగితే మొదటి జట్టు పని ముగించే వేళకు చివరి జట్టు ఇంకా చూస్తూ ఉంటుంది. జట్టులో నలుగురికీ 1 నుంచి 4 దాకా అంకెలు ఇవ్వండి. ఒకటో అంకె తెస్తుంది, రెండు జల్లిస్తుంది, మూడు రాస్తుంది, నాలుగు తిరిగి అప్పజెబుతుంది. ‘కిటికీ వరుస, ఒకట్లు’ అంటే ముగ్గురే లేస్తారు. వాళ్లు కూర్చున్నాక మధ్య వరుస, ఆ తరువాత తలుపు వరుస. అంకెలు వారం వారం మారాలి. లేకపోతే ఎప్పుడూ అబ్బాయిలు జల్లెడ పట్టడం, అమ్మాయిలు పళ్లేలు కడగడం అలవాటైపోతుంది. నా తరగతిలో నేను ఇది చాలా ఆలస్యంగా గమనించాను.

బల్లల విషయం మీ గదిని బట్టి ఉంటుంది. బల్ల, కూర్చునే చెక్క విడివిడిగా ఉన్న పాతరకం అయితే ముందువాళ్లు కాళ్లు అటు తిప్పుకుని వెనక బల్ల వైపు కూర్చుంటే చాలు. ఇద్దరు కూర్చునే కలిపిన బల్లలకు వీపు ఆన్చే పలక అడ్డం వస్తుంది. మా గదిలో అవే, వరుసకు ఆరు చొప్పున మూడు వరుసలు. ఒకటి, మూడు, అయిదో బల్లలను వెనక్కి తిప్పితే తొమ్మిది జట్లు ఏర్పడతాయి. బల్ల మీది ఇద్దరూ చెరో చివర పట్టుకుని ఎత్తి తిప్పాలి, ఈడ్వకూడదు. ఈడిస్తే పక్క గది మాస్టారు గుమ్మంలో ప్రత్యక్షమవుతారు. దీన్ని పాఠం లేని ఒక రోజున ఉత్త బల్లలతో రెండుసార్లు చేయించి చూడండి. మాకు మొదటిసారి అయిదు నిమిషాలు పట్టింది, రెండో వారానికి మూడుకు దిగింది.

ఇక సంకేతం. తప్పెటగుళ్ల దరువులా మూడు చప్పట్లు కొడితే పిల్లలు రెండు చప్పట్లతో బదులివ్వడం మా తరగతి సంకేతం. బాగా పనిచేస్తుంది, కానీ చేతులు ఖాళీగా ఉన్నప్పుడే. జల్లెడ పట్టుకున్న పిల్లవాడు బదులు చప్పట్లు కొట్టబోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అందువల్ల కృత్యం నడిచేటప్పుడు రెండో సంకేతం కావాలి. నేను గది ముందు అదే చోట నిలబడి చెయ్యి పైకెత్తుతాను. చూసినవాళ్లు చేతిలోది పళ్లెంలో పెట్టి చెయ్యి ఎత్తుతారు, పక్కవాళ్ల భుజం తడతారు. ఎత్తాక నేను నోరు విప్పను. నిశ్శబ్దం రాకముందే మాట్లాడితే, సంకేతం తరువాత కూడా కబుర్లు చెప్పుకోవచ్చని మనమే నేర్పినట్టు. మనసులో పది లెక్కపెట్టేలోపు గది కుదుటపడకపోతే పిల్లలను కసరకండి. ఆ సంకేతాన్ని అతిగా వాడుతున్నారేమో చూసుకోండి. ఒక పీరియడ్‌లో నాలుగుసార్లు దాటితే నా తరగతిలో అది పాతబడిపోతోంది.

ఇప్పుడు ఇవన్నీ ప్రణాళికలోకి ఎక్కాలి. నా పుస్తకంలో ఆ పేజీ ఇలా ఉంది:

0–3: బల్లలు తిప్పడం. నా మాట: ‘ఎత్తి తిప్పండి, అంకెల ప్రకారం కూర్చోండి.’
3–10: చప్పట్లు. కళ్లంలో ధాన్యం తూర్పారపట్టడం గురించి మాటలు.
10–14: సూచనలు, ఖాళీ బల్లల మీదే. ఒక పిల్లవాడి చేత తిరిగి చెప్పించాలి.
14–17: పళ్లేల పంపకం, వరుసల వారీగా.
17–29: కృత్యం. నీళ్లు జట్టు జట్టుకూ విడిగా.
29–33: చెయ్యి సంకేతం. నాలుగో అంకెలు సామాను తెస్తాయి. జల్లెడలు తొమ్మిదీ లెక్క.
33–43: ఉప్పు ఎక్కడికి పోయింది? చర్చ, రాత.
43–45: బల్లలు యథాస్థానం.

కూడి చూడండి. బల్లలకూ పంపకానికీ తిరిగి తీసుకోవడానికీ 12 నిమిషాలు పోయాయి, పాఠానికి 33 మిగిలాయి. వెనకటి ప్రణాళికలో నేను 45 నిమిషాల పాఠం రాసుకున్నాను కాబట్టే చర్చ గంటలో కలిసిపోయింది. మీ పీరియడ్ 40 నిమిషాలే అయితే కృత్యంలోంచి కోయండి, చర్చలోంచి కోయకండి. నీళ్లలో కలిపే భాగాన్ని మర్నాటికి వాయిదా వేసినా పరవాలేదు.

ఈ వారం అభ్యాసం: మీ తరగతి గది పటం గీసి, ఏ బల్ల ఎటు తిరగాలో బాణాలు వేయండి. మీరు చేయించబోయే కృత్యంలో నీళ్లలాంటి వస్తువు ఏదో గుర్తించి, దాన్ని ఏ నిమిషంలో బయటికి తీస్తారో పక్కన రాయండి. వచ్చే పాఠంలో ఒకే గదిలో రెండు తరగతులు కూర్చునే బడులకు ఈ పేజీని ఎలా మార్చాలో చూద్దాం.