వాలెట్‌లో యూఎస్‌డీటీ ఉన్నా బయటికి పంపలేకపోతే ఏం చేయాలి?

దేవరకొండలో ఇంటి నుంచే వీడియో ఎడిటింగ్ చేసే ఒక యువకుడికి విదేశీ కస్టమర్ ఒకరు డాలర్ విలువకు కట్టిన క్రిప్టో టోకెన్ యూఎస్‌డీటీని 120 పంపించారనుకుందాం. ఫోన్‌లో కొత్తగా పెట్టుకున్న వాలెట్‌లో ఆ మొత్తం కనిపిస్తోంది. దాన్ని అమ్మి రూపాయలు తీసుకోవడానికి అతను తన ఎక్స్చేంజ్ ఖాతాకు పంపబోతే, ఫీజుకు సరిపడా టీఆర్‌ఎక్స్ లేదన్న సందేశం వచ్చి లావాదేవీ అక్కడే ఆగిపోతుంది. 120 డాలర్ల విలువ చేతిలో ఉండి కూడా ఆ చిన్న ఫీజును అందులోంచే ఎందుకు కోసుకోరన్నది ఇక్కడ ఎవరికైనా తట్టే మొదటి ప్రశ్న.

లావాదేవీలను నమోదు చేసే ఉమ్మడి నెట్‌వర్క్ అయిన బ్లాక్‌చెయిన్‌కు సాధారణంగా సొంత నాణెం ఒకటి ఉంటుంది. ట్రాన్‌కు అది టీఆర్‌ఎక్స్, ఇథీరియంకు ఈథర్, బీఎన్‌బీ చెయిన్‌కు బీఎన్‌బీ. యూఎస్‌డీటీ వీటిలో దేనికీ సొంత నాణెం కాదు. ఆ చెయిన్ మీద నడిచే, కాంట్రాక్టు అని పిలిచే ఒక ప్రోగ్రామ్ తన ఖాతా పుస్తకంలో ఏ చిరునామాకు ఎంత ఉందో రాసుకునే అంకె మాత్రమే. ఆ అంకెను మార్చాలంటే కాంట్రాక్టును నడపాలి, నడిపినందుకు అయ్యే ఖర్చును నెట్‌వర్క్ తన సొంత నాణెంలోనే వసూలు చేస్తుంది. ట్రాలీ నిండా వడ్లు నింపుకొని మిర్యాలగూడ మిల్లుకు బయలుదేరిన ట్రాక్టర్‌లో డీజిల్ అయిపోతే, వడ్ల విలువ ఎంతయినా వాటిని ట్యాంకులో పోయలేం కదా!

అన్నిటికంటే ముందు, మీ యూఎస్‌డీటీ ఏ చెయిన్ మీద ఉందో నిర్ధారించుకోండి. స్వీకరించే చిరునామా T అక్షరంతో మొదలై 34 అక్షరాలు ఉంటే అది ట్రాన్. 0x తో మొదలైతే ఇథీరియం కావచ్చు, బీఎన్‌బీ చెయిన్ కావచ్చు, మరొకటి కావచ్చు. అప్పుడు వాలెట్‌లో టోకెన్ పేరు పక్కన రాసి ఉన్న నెట్‌వర్క్ పేరును చూడాలి. మన ఉదాహరణలోది ట్రాన్. అదే చిరునామాను tronscan.org లో వెతికితే నిల్వలు కనిపిస్తాయి. వచ్చిన టోకెన్ అసలైనదో కాదో కూడా అక్కడే తేల్చుకోవచ్చు, ఎందుకంటే యూఎస్‌డీటీ అనే పేరుతో నకిలీ టోకెన్‌ను ఎవరైనా సృష్టించగలరు. ట్రాన్ మీద అసలు యూఎస్‌డీటీ కాంట్రాక్టు చిరునామా ఇది:

```
TR7NHqjeKQxGTCi8q8ZY4pL8otSzgjLj6t
```

ఇది తప్ప మరో కాంట్రాక్టు కనిపిస్తే ఫీజు కోసం పైసా కూడా ఖర్చు పెట్టకండి.

తర్వాతి పని ఎంత టీఆర్‌ఎక్స్ కావాలో లెక్క వేసుకోవడం. ట్రాన్‌లో కాంట్రాక్టును నడపడానికి అయ్యే శ్రమను ఎనర్జీ అనే కొలతతో లెక్కిస్తారు. పుచ్చుకునే చిరునామాలో ఇప్పటికే కొంత యూఎస్‌డీటీ ఉంటే ఒక బదిలీకి సుమారు 65 వేల ఎనర్జీ పడుతుంది. అక్కడ ఏమీ లేకపోతే ఖాతా పుస్తకంలో కొత్త పద్దు తెరవాలి గనుక సుమారు లక్షా 30 వేలు పడుతుంది. మీ దగ్గర ఎనర్జీ లేనప్పుడు దానికి బదులు నెట్‌వర్క్ మీ టీఆర్‌ఎక్స్‌ను కాల్చేస్తుంది. 2025 ఆగస్టు చివర్లో తగ్గించిన ధర ప్రకారం ఒక ఎనర్జీకి 100 సన్‌లు, పది లక్షల సన్‌లు కలిస్తే ఒక టీఆర్‌ఎక్స్. అంటే మొదటి సందర్భంలో సుమారు 6.5, రెండో సందర్భంలో సుమారు 13 టీఆర్‌ఎక్స్ ఖర్చవుతాయి. ఈ ధర నెట్‌వర్క్ ప్రతినిధుల ఓటుతో మారుతుంటుంది కాబట్టి పంపే ముందు వాలెట్ చూపే అంచనానే నమ్మాలి.

ఈ ఫీజుకూ పంపే మొత్తానికీ సంబంధం లేదు. 5 యూఎస్‌డీటీ పంపినా 500 పంపినా ఖర్చు ఒకటే. పరీక్షగా ముందు కొద్దిగా పంపి చూడటం మంచి అలవాటే గానీ, ఇక్కడ దానికి మరో పూర్తి ఫీజు చెల్లించాల్సి ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఎక్స్చేంజ్‌లు తమ డిపాజిట్ చిరునామాలను తరచుగా ఖాళీ చేస్తుంటాయి గనుక మన యువకుడు పెద్ద లెక్కే వేసుకోవాలి. 13 అవసరమైన చోట 20 టీఆర్‌ఎక్స్ ఉంచుకుంటే నిశ్చింత.

ఆ 20 టీఆర్‌ఎక్స్ రెండు దారుల్లో రావచ్చు. కేవైసీ పూర్తయిన ఎక్స్చేంజ్ ఖాతా ఉంటే అక్కడ రూపాయలతో కొని, ట్రాన్ నెట్‌వర్క్‌ను ఎంచుకొని, మీ T చిరునామాకు విత్‌డ్రా చేయాలి. ఎక్స్చేంజ్ విత్‌డ్రా రుసుమును, కనీస పరిమితిని ముందే చూసి కాస్త ఎక్కువ కొనండి. టీఆర్‌ఎక్స్‌ను మరో చెయిన్ మీద పంపే వీలు కనిపించినా దాని జోలికి వెళ్లకూడదు, ఎందుకంటే బీఎన్‌బీ చెయిన్ మీద 0x చిరునామాకు చేరిన టీఆర్‌ఎక్స్ ట్రాన్ ఫీజుకు పనికిరాదు. రెండో దారి, ఇప్పటికే ట్రాన్ వాడుతున్న తెలిసినవారిని అడగడం. ఇంతవరకు టీఆర్‌ఎక్స్ ఎన్నడూ అందని చిరునామా ట్రాన్ లెక్కలో ఇంకా తెరవని ఖాతాయే. దాన్ని తెరిచేందుకు ఒక టీఆర్‌ఎక్స్‌కు కొంచెం పైగా పంపేవారి నుంచి అదనంగా పోతుంది. ఈ సంగతి వారికి ముందే చెప్పడం మర్యాద. కొన్ని వాలెట్లు ఫీజును తాము కట్టి, దానికి బదులు యూఎస్‌డీటీలోంచి కోసుకునే సదుపాయం ఇస్తున్నాయి. మీ వాలెట్ యాప్‌లోనే అది కనిపిస్తే ఎంత కోస్తున్నారో చూసుకొని వాడుకోవచ్చు.

టీఆర్‌ఎక్స్ చేరాక ఎక్స్చేంజ్‌లో యూఎస్‌డీటీ డిపాజిట్ పేజీ తెరిచి, ట్రాన్ నెట్‌వర్క్‌ను ఎంచుకొని చిరునామాను కాపీ చేయండి. వాలెట్‌లో అతికించాక మొదటి, చివరి అక్షరాలతో పాటు మధ్యలోవి కూడా సరిపోల్చండి. అంచనా ఫీజు మీ నిల్వలోపే ఉంటే పంపండి. కొద్ది నిమిషాల్లో ట్రాన్‌స్కాన్‌లో ఫలితం కనిపిస్తుంది. అక్కడ OUT_OF_ENERGY అని వస్తే యూఎస్‌డీటీ మీ దగ్గరే ఉంటుంది, కాలిన టీఆర్‌ఎక్స్ మాత్రం తిరిగి రాదు. కాబట్టి వెంటనే మళ్లీ నొక్కకుండా, లోటు ఎంతో చూసి, అది నింపాకే ప్రయత్నించాలి.

టీఆర్‌ఎక్స్ నింపినా తీరని సందర్భం ఒకటుంది, డబ్బు పోయేది ఎక్కువగా అక్కడే. టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో ఒక అపరిచితుడు తన వాలెట్‌ను తెరిచే 12 రహస్య పదాలను మీకు ఇచ్చి, అందులో వేల యూఎస్‌డీటీ ఉందని, ఫీజుకు టీఆర్‌ఎక్స్ లేక తీయలేకపోతున్నానని, సాయం చేస్తే వాటా ఇస్తానని అంటాడు. తెరిచి చూస్తే సొమ్ము నిజంగానే కనిపిస్తుంది. కానీ ఆ ఖాతా అనుమతులను ముందే మార్చి ఉంచుతారు. పదాలు మీ దగ్గరున్నా సంతకం చేసే అధికారం మరో చిరునామాకే ఉంటుంది. మీరు పంపిన టీఆర్‌ఎక్స్ అతని పాలవుతుంది. ట్రాన్‌స్కాన్‌లో ఆ ఖాతా పేజీలో Owner Permission కింద వేరే చిరునామా ఉంటే మోసమని ఖాయం చేసుకోవచ్చు. దీనికి తిరగేసిన రూపమే, మీ వాలెట్‌లో ఫీజు నింపుతామంటూ మీ 12 పదాలను అడగడం. టీఆర్‌ఎక్స్ పంపడానికి ఎవరికైనా మీ T చిరునామా చాలు. పదాలు ఇప్పటికే చెప్పేసి ఉంటే వెంటనే కొత్త వాలెట్ సృష్టించి మిగిలిన నిల్వలను అందులోకి మార్చండి. సొమ్ము పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి, cybercrime.gov.in లో లావాదేవీ గుర్తింపు కోడ్ అయిన హాష్‌తో సహా ఫిర్యాదు నమోదు చేయండి.