ఇంటి వైఫై పాఠాలు – 4: మేడమీద గీతలు నిండినా వేగం ఎందుకు రాదు?

గత పాఠం చివర, మేడమీది గదిలో సిగ్నల్‌ను డీబీఎంలలో కొలవమనీ, రూటర్ సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ప్రసారం చేసే ఎక్స్‌టెండర్ ఉన్నవారు దాన్ని పెట్టి తేడా చూడమనీ రాశాను. వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: సిగ్నల్ -78 నుంచి -40కి మెరుగుపడింది, గీతలన్నీ నిండాయి, వీడియో మాత్రం మునుపటిలాగే ఆగి ఆగి వస్తోంది. దీన్నిబట్టి కొందరు ఎక్స్‌టెండర్లన్నీ వృథా అని తేల్చేసి, ఒకే వైఫైగా కలిసి పనిచేసే పెట్టెల జట్టు అయిన మెష్ కొనడానికి సిద్ధపడ్డారు. ఈ పాఠంలో మెష్ గురించే చెప్పాలనుకున్నాను గాని, ఈ చిక్కును విప్పకుండా మెష్ కొన్నవారికి అదే చిక్కు ఎక్కువ ఖర్చుతో మళ్లీ ఎదురవుతుంది కనుక ముందు దాని సంగతి చూద్దాం.

ఎక్స్‌టెండర్‌ను రూటర్‌తో జతచేయడం ఎలాగో ఇక్కడ రాయడం లేదు. పెట్టెతో వచ్చే కాగితంలో అది ఉంటుంది. ఆ కాగితంలో సాధారణంగా చిన్న అక్షరాల్లో ఉండేదీ, అందరూ దాటవేసేదీ ఎక్కడ పెట్టాలన్న మాట.

ఫోన్‌లో కనిపించే గీతలు ఫోన్‌కూ, అది అంటిపెట్టుకున్న పరికరానికీ మధ్య ఉన్న సిగ్నల్‌ను మాత్రమే చూపుతాయి. ఎక్స్‌టెండర్ పక్కగదిలో ఉంటే అవి నిండుగా ఉండక తప్పదు. ఆ ఎక్స్‌టెండర్‌కు కింది రూటర్ ఎంత బలంగా అందుతోందన్నది ఫోన్‌కు తెలియదు, కాబట్టి చూపలేదు. సిగ్నల్ అందని గదిలోనే ఎక్స్‌టెండర్‌ను పెడితే, ఆ గదిలో మీ ఫోన్‌కు అందని సిగ్నల్ దానికి మాత్రం ఎలా అందుతుంది? స్లాబు దాటి నీరసించి వచ్చిన -78నే అది కూడా పట్టుకుని, ఆ కొద్దిపాటి వేగాన్నే గట్టి గొంతుతో మీకు వినిపిస్తుంది. డీబీఎంలో ప్రతి 10 తగ్గుదలకూ అందే శక్తి పదో వంతుకు పడిపోతుందని రెండో పాఠంలో చెప్పుకున్నాం. ఆ లెక్కన -60 దగ్గర అందే శక్తిలో -80 దగ్గర అందేది నూరో వంతు. గీతలు చూసి పరికరం చోటు నిర్ణయించే అలవాటు మానుకోమని ఇంత పొడుగున చెప్పడం విసుగనిపించవచ్చు, కాని ఉత్తరాల్లోని ఫిర్యాదులన్నీ దాదాపు ఇక్కడే పుట్టాయి.

ఒక పాఠకుడు ఓపికగా పంపిన కొలతలు చూద్దాం. ఇల్లు రెండంతస్తులు, రూటర్ కింది ముందుగదిలో ఉంది, పడకగది మేడమీద వెనకవైపు. ఇంటర్నెట్ ప్లాను 100 ఎంబీపీఎస్. రూటర్ దగ్గర 95 వస్తోంది. పడకగదిలో 5 గిగాహెర్ట్జ్ మీద సిగ్నల్ -79, వేగం 9. ఎక్స్‌టెండర్‌ను పడకగదిలో పెడితే సిగ్నల్ -38, వేగం 8. ఒకటి తగ్గింది కూడా.

మెట్ల మలుపు దగ్గర కొలవమన్నాను. అక్కడ స్లాబు అడ్డం లేదు. మెట్ల కోసం వదిలిన ఖాళీలోంచి సిగ్నల్ పైకి వస్తుంది. అందుకే రెండంతస్తుల ఇళ్లలో నేను మొదట చూసే చోటు అదే. ఎక్స్‌టెండర్ ఆపేసి, అది ఉండబోయే చోటే ఫోన్ పెట్టి చూస్తే సిగ్నల్ -61, వేగం 95. ఎక్స్‌టెండర్‌ను అక్కడికి మార్చాక పడకగదిలో సిగ్నల్ -64, వేగం 70. గీతలు తగ్గాయి, వేగం మాత్రం తొమ్మిది రెట్లకు దగ్గరగా పెరిగింది.

ఇక్కడ ఆయన ఒక మంచి ప్రశ్న అడిగారు. ఎక్స్‌టెండర్ వేగాన్ని సగం చేస్తుందంటారు కదా, 95లో సగం 47 రావాలి, 70 ఎలా వచ్చింది? సగం కావడం నిజమే. ఒకే చానల్ మీద ఒకే రేడియో రూటర్ నుంచి వినాలి, ఆ తరువాత ఫోన్‌కు చెప్పాలి. రెండూ ఒకేసారి చేయలేదు కనుక ప్రతి డేటా ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. అయితే 95 అన్నది ఆయన ప్లాను పరిమితి, వైఫై పరిమితి కాదు. ఇంటి లోపలే రెండు కంప్యూటర్ల మధ్య కొలిస్తే మెట్ల మలుపు దగ్గర 160 వచ్చింది. అందులో సగం 80, పడకగది గోడ దాటేసరికి 70. సగం చేయవలసింది వైఫై మోయగల వేగాన్ని. ప్లాను వేగాన్ని కాదు.

ఇప్పుడు మెష్ సంగతి. మెష్ పెట్టెలు కూడా ఒకదానితో ఒకటి గాలిలోనే మాట్లాడుకుంటే ఈ సగం లెక్క వాటికీ వర్తిస్తుంది. రెండు బ్యాండ్ల మెష్‌ను అదే మెట్ల మలుపులో పెడితే వేగం ఎక్స్‌టెండర్‌తో వచ్చినదానికి దగ్గర్లోనే ఉంటుంది. పెట్టెల మధ్య సంభాషణకే మూడో రేడియోను కేటాయించిన ట్రైబ్యాండ్ మెష్ మాత్రం ఈ నష్టాన్ని చాలావరకు తప్పిస్తుంది. కాని ఈ పాఠకుడి ప్లాను 100 కాబట్టి, అంత ఖర్చు పెట్టినా ఆయనకు కలిసొచ్చేది 70కీ 95కీ మధ్య తేడా మాత్రమే. వీడియో చూసేవారు దాన్ని గుర్తించనైనా గుర్తించరు.

మెష్ నిజంగా ఉపయోగపడేది మెట్లెక్కుతూ కాల్ మాట్లాడేవారికి. ఏ పరికరాన్ని పట్టుకోవాలో నిర్ణయించేది ఫోనే. ఆపిల్ పత్రాల ప్రకారం ఐఫోన్ సిగ్నల్ -70కి పడిపోయేదాకా వేరేదానికోసం వెతకదు. వెతికినప్పుడు కూడా, ఎక్స్‌టెండర్ అయితే దానికి సాయం చేసేవారు లేరు. మంచి మెష్ పెట్టెలు 802.11k, 802.11v పద్ధతుల్లో పక్క పెట్టెల జాబితాను ఫోన్‌కు ముందే అందించి, ఎటు మారితే మేలో సూచిస్తాయి. ఎక్స్‌టెండర్‌కు రూటర్ పేరే పెట్టి, కాల్ మధ్యలో తెగుతోందని రాసినవారికి కారణం ఇదే. ఒకే గదిలో కూర్చుని వాడుకునేవారికి ఈ సౌకర్యం అక్కర్లేదు.

కింది నుంచి పైకి ఈథర్నెట్ తీగ లాగగలిగితే ఈ చర్చంతా చాలావరకు తీరిపోతుంది. క్యాట్ 5ఈ తీగ 100 మీటర్ల వరకు 1 గిగాబిట్ మోస్తుంది. దాని చివర పాత రూటర్‌నైనా యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టుకోవచ్చు. గాలిలో నడిచే ఖరీదైన మెష్ కన్నా నాకు ఇదే ఇష్టం.

అభ్యాసం ఈసారి కొంచెం కష్టమైనదే. ఇంటి లోపలి వేగాన్ని కొలిచే iperf3 ప్రోగ్రాంను రెండు కంప్యూటర్లలోనూ ఎక్కించి, కింద రూటర్‌కు తీగతో కలిపిన కంప్యూటర్‌లో మొదటి ఆజ్ఞ, పైకి తీసుకెళ్లే ల్యాప్‌టాప్‌లో రెండోది నడపండి. ఐపీ చిరునామా మీ కింది కంప్యూటర్‌ది వేసుకోవాలి.

```
iperf3 -s
iperf3 -c 192.168.1.10 -R
```

ఎక్స్‌టెండర్‌ను మూడు వేర్వేరు చోట్ల పెట్టి, ప్రతి చోటా రెండు కొలతలు రాయండి: అది ఆపేసి ఉన్నప్పుడు ఆ చోట రూటర్ సిగ్నల్ ఎంత, అది నడుస్తున్నప్పుడు పడకగదిలో వేగం ఎంత. మొదటిది -65 కన్నా బలహీనంగా ఉంటే ఆ చోటును అక్కడే వదిలేయండి. పరీక్ష పూర్తయ్యేదాకా ఎక్స్‌టెండర్‌కు వేరే పేరు పెట్టండి. పేరు ఒకటే అయితే ల్యాప్‌టాప్ కింది రూటర్‌నే పట్టుకుని ఉండిపోయి, మీరు కొలుస్తున్నది దేన్నో మీకే తెలియకుండా పోతుంది.