బ్రేకౌట్ అని కొంటే మళ్లీ లోపలికే: బేస్ వయసు లెక్కలో ఎక్కడ తప్పుతున్నాం?

షేరు ధర పదేపదే ఆగిన చోట గీత గీశాం, ధర గీత దాటింది, బ్రేకౌట్ అని కొన్నాం. నాలుగు రోజులు తిరక్కుండానే మళ్లీ గీత కిందికి వచ్చి కూర్చుంది. ఒకసారైతే సరే అనుకోవచ్చు. మాటిమాటికీ ఇదే జరుగుతుంటే మాత్రం గీతను అనుమానించే ముందు వారాల లెక్క చూసుకోవాలి. బేస్‌కు, అంటే ధర పైకి బయల్దేరే ముందు ఒకచోట ఆగి తచ్చాడే దశకు, ఎంత వయసొచ్చింది, ఆ వయసు ఎక్కణ్నుంచి లెక్కపెట్టాం అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే, మనం కొన్నవాటిలో చాలా వరకు అసలు బ్రేకౌట్లే కావని తేలిపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా షేర్ల వీక్లీ చార్టు గురించి. డైలీ చార్టులో వారం ఐదు క్యాండిల్స్‌గా విడిపోయి, ప్రతి చిన్న కుదుపూ ఒక ప్యాటర్న్‌లా కనిపిస్తుంది. వయసు తేల్చుకోవడానికి వీక్లీ చూడండి, కొనే రోజు కోసం డైలీకి వెళ్లండి.

సమస్య 1: రెక్టాంగిల్ పైగీత దాటింది, వారంలోపే వెనక్కి వచ్చేసింది

ఒక ఊహా చార్టు తీసుకుందాం. ధర 14 వారాల్లో 80 నుంచి 120కి పెరిగింది. ఆ తర్వాత మొదటి వారం 114 దగ్గర ముగిసింది. రెండో వారం 107 దాకా జారి 109 దగ్గర ఆగింది. మూడో వారం 119.6 తాకి 117 దగ్గర ముగిసింది. నాలుగో వారం బుధవారం 121.2 దగ్గర క్లోజ్ అయింది. 120 దగ్గర గీత గీసుకుని ఎదురుచూస్తున్నవాళ్లు ఆ రోజే కొన్నారు. శుక్రవారానికి 118. తర్వాతి వారం 111.

కారణం: అక్కడ రెక్టాంగిల్ ఇంకా తయారే కాలేదు. పైగీతను ధర రెండుసార్లు తాకింది, నిజమే. కింద మాత్రం 107ను ఒక్కసారే చూసింది. ఒక్క బిందువు మీదుగా గీత ఎటైనా గీయొచ్చు కాబట్టి, కింది అంచు ఎక్కడుందో అప్పటికి ఎవరికీ తెలియదు. పైన కనీసం రెండు, కింద కనీసం రెండు తాకిళ్లు ఉంటేనే అది పెట్టె ఆకారం. అప్పటిదాకా అది పెరిగిన ధర తీసుకున్న చిన్న విరామం మాత్రమే.

వయసు కూడా చాలదు. ఇలాంటి ఫ్లాట్ బేస్‌కు అమెరికన్ ఇన్వెస్టర్ విలియం ఓనీల్ పెట్టిన కొలత కనీసం ఐదు వారాలు. పైనుంచి కిందికి లోతు సాధారణంగా 15 శాతం మించకూడదు. మన ఉదాహరణలో లోతు 13 పాయింట్లు, అంటే 120లో 11 శాతం లోపే. లోతు బాగానే ఉంది. తక్కువైంది కాలమే.

ఆ ఐదు వారాల్లో జరిగే పనేమిటో తెలిస్తే ఈ అంకె గుడ్డి నియమంలా అనిపించదు. 120 దగ్గర కొని 107 దాకా పడటం చూసినవాళ్లు, ధర మళ్లీ 120కి రాగానే 'అసలు వచ్చింది, చాలు' అని అమ్మేస్తారు. 80 దగ్గర కొన్నవాళ్లలో కొందరు లాభం తీసుకుని వెళ్తారు. ఈ సరుకంతా ఒక్క రాకతో ఖాళీ కాదు. ధర పైకొచ్చిన ప్రతిసారీ కొంత అమ్ముడవుతుంది, వెనక్కి పడుతుంది, మళ్లీ వస్తుంది. నాలుగో వారంలో కొన్నవాళ్లు ఆ అమ్మకందార్ల చేతిలోని సరుకునే తీసుకున్నారు.

పరిష్కారం: అదే చార్టును మరికొన్ని వారాలు చూద్దాం. ఆరో వారం ధర 106.8 తాకి 110 దగ్గర ముగిసింది. కింద రెండో తాకిడి వచ్చింది, పెట్టెకు అడుగు దొరికింది. ఈ పతనంలో వాల్యూమ్ రెండో వారం కంటే తక్కువగా ఉంటే మంచిదే, అమ్మేవాళ్లు పలచబడుతున్నట్టు. ఎనిమిదో వారం మళ్లీ 120 తాకి 119 దగ్గర ముగిసింది. తొమ్మిదో వారం ధర పెద్దగా కదలకుండా, తక్కువ వాల్యూమ్‌తో 117.5 దగ్గర ఆగింది. నాకు ఈ వారమే అన్నిటికంటే ముఖ్యం. పైగీత కింద నిలబడి కూడా ధర జారలేదంటే, గీత దగ్గర కాచుకున్న అమ్మకందార్లు దాదాపు అయిపోయారన్నమాట. పదో వారం 124.5 దగ్గర క్లోజ్. వాల్యూమ్ పది వారాల సగటుకు 1.6 రెట్లు.

ఇది లెక్కలోకి వచ్చే బ్రేకౌట్. దాన్ని మూడు చోట్ల తేల్చుకోవచ్చు. బ్రేకౌట్ వారాన్ని పక్కన పెడితే బేస్‌కు తొమ్మిది వారాలు. పాత చార్టిస్టులు వాడే 3 శాతం వడపోత ప్రకారం 120 మీద 3.6 కలిపితే 123.6, వారం క్లోజ్ దానికి పైనే ఉంది. వాల్యూమ్ సగటుకంటే కనీసం 40–50 శాతం ఎక్కువ ఉండాలన్న షరతూ తీరింది. నాలుగో వారంలో 121.2 దగ్గర కొన్నవాళ్లను ఈ 3 శాతం వడపోత ఒక్కటే ఆపేసి ఉండేది.

లక్ష్యం లెక్క తేలికే: పెట్టె ఎత్తు 13 పాయింట్లు, దాన్ని 120కి కలిపితే 133. ఇది హామీ కాదు, అంచనా మాత్రమే.

సమస్య 2: వారాలు సరిపోయాయి, అయినా విఫలమైంది

కారణం ఎక్కువగా లెక్క మొదలుపెట్టిన చోటే ఉంటుంది. పై ఉదాహరణలోనే నాలుగో వారంలో కొన్న మనిషిని అడగండి, 'ఆరు వారాలుగా 120 దగ్గరే తచ్చాడుతోంది' అంటాడు. ధర పెరుగుతూ 115 దాటిన వారం నుంచి లెక్కపెట్టాడన్నమాట. అవి పెరిగిన వారాలు. అప్పటికి ఎవరూ ఇరుక్కోలేదు, ఎవరూ అమ్మడానికి కాచుకోలేదు.

పరిష్కారం: శిఖరం తర్వాత, ముందు వారం కంటే తక్కువ దగ్గర ముగిసిన మొదటి వారమే ఒకటో వారం. బ్రేకౌట్ వచ్చిన వారాన్ని కలపొద్దు. మధ్యలో ధర కింది అంచును గట్టిగా తెంచుకుని 20–25 శాతం లోతుకు పోతే ఆ పెట్టె అక్కడితో ముగిసింది. పాత వారాలు మోసుకురాకుండా కొత్త ఆకారాన్ని కొత్తగా చూడండి.

ఇంకో మాట. ఐదు వారాలన్నది కింది హద్దు, అన్ని చార్టులకూ సరిపోయే అంకె కాదు. 30–50 శాతం పెరుగుదల తర్వాత ఐదారు వారాలు చాలొచ్చు. ఏడాదిలో మూడింతలైన షేరు ఐదు వారాలు ఆగి మళ్లీ బయల్దేరితే నేను నమ్మను. అంత పెరుగుదల మీద లాభంలో ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు.

సమస్య 3: రౌండింగ్ బాటమ్ తిరిగిందని కొంటే నెలల తరబడి కదల్లేదు

రెక్టాంగిల్‌లో తొందరపడితే నష్టం వెంటనే తెలుస్తుంది. ఇక్కడ అలా కాదు, డబ్బు ఇరుక్కుపోయి విసుగెత్తిపోతుంది.

కారణం: రౌండింగ్ బాటమ్ అంటే మూకుడులా మెల్లగా వంగిన ఆకారం, దానికి అడుగున గీత ఉండదు. 200 నుంచి పది వారాల్లో 150కి పడి, 160 దాకా లేచి, అక్కణ్నుంచి మెల్లగా జారిన చార్టును ఊహించుకోండి. కింది ధరలు 142, 136, 132, చివరికి 130. ప్రతి పతనమూ ముందుదానికంటే చిన్నది. 130 దగ్గర ట్రేడింగ్ దాదాపు చచ్చిపోయినట్టుంటుంది. అప్పుడు ఉన్నట్టుండి ఒక వారం వాల్యూమ్ పెరిగి ధర 140 దాటుతుంది. చూసేవాళ్లకు అది బ్రేకౌటే అనిపిస్తుంది. తర్వాత ధర మళ్లీ 133 దగ్గరికి వచ్చి మునుపటిలాగే నత్తనడక నడుస్తుంది.

ఈ మధ్యలో వచ్చే ఎగుడు ఈ ప్యాటర్న్‌లో మామూలే. వంపు అడుగు దాటాక ఇలాంటి గంతు ఒకటి వచ్చి, ధర వంపులోకే తిరిగి రావడం తరచూ కనిపిస్తుంది. అది దాటిన గీత ఏదీ లేదు, ఏ పాత అమ్మకందారూ అక్కడ తేలిపోలేదు.

పరిష్కారం: అంచును కొలవండి, అడుగును కాదు. నిటారు పతనం నెమ్మదించే ముందు ధర చివరిసారి లేచిన చోటు, ఇక్కడ 160, ఎడమ అంచు. వయసు అక్కణ్నుంచి మొదలవుతుంది. 200 నుంచి 150కి పడిన పది వారాలు బేస్‌లో భాగం కావు. వాటినీ కలిపేసి 'ఇరవై రెండు వారాల బేస్' అనుకోవడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగేది.

160 నుంచి 130కి రావడానికి 12 వారాలు పట్టిందనుకుందాం. కుడివైపు ఎక్కడానికీ ఇంచుమించు అంతే పట్టాలి. కుడివైపు నాలుగు వారాల్లోనే నిలువుగా లేస్తే అది ఆంగ్ల అక్షరం 'వీ', మూకుడు కాదు. కప్పు ఆకారాలకు ఏడు వారాలు కనీసం అంటారు. ఇంత నిదానమైన వంపుకు అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది, కొన్ని నెలలు సాధారణం. వాల్యూమ్ బార్లు కూడా ధరలాగే వంగాలి: ఎడమ తగ్గుతూ, అడుగున అతి తక్కువగా, కుడివైపు పెరుగుతూ. ధర వంగి వాల్యూమ్ చదునుగా ఉంటే ఆకారాన్ని నమ్మకండి.

అంచు 160 అయితే 3 శాతం వడపోత 164.8. ఆ పైన వారం క్లోజ్ వస్తేనే బ్రేకౌట్. లోతు 30 పాయింట్లు కాబట్టి అంచనా 190. అంచుకు చేరగానే ధర వారమో రెండు వారాలో చిన్నగా ఆగితే ఇంకా మంచిది, స్టాప్‌లాస్ పెట్టుకోవడానికి దగ్గర్లో చోటు దొరుకుతుంది.

సమస్య 4: బేస్ మరీ పొడుగైంది

ఎంత పొడుగైతే అంత మంచిదన్న మాట పూర్తిగా నిజం కాదు. ఏడాదిన్నర పెట్టెలో ఉన్న షేరులో వాల్యూమ్ అంచెలంచెలుగా ఎండిపోయి, పైకి తాకిన ప్రతిసారీ ముందు కంటే కింద ఆగిపోతుంటే, అది ఎవరూ పట్టించుకోని షేరు. చివరి మూడునాలుగు తాకిళ్లు చూడండి. కింది ధరలు కొంచెం కొంచెం పైకి జరుగుతుంటే కాలం పనికొచ్చినట్టు.

సమస్య 5: సరైన బ్రేకౌటే, కానీ ధర గీత దగ్గరికి తిరిగొచ్చింది

కంగారు పడక్కర్లేదు. పాత రెసిస్టెన్స్‌ను మళ్లీ తాకి సపోర్ట్ దొరకడం తరచూ జరిగేదే. తేడా వాల్యూమ్‌లో, క్లోజ్‌లో తెలుస్తుంది. మన మొదటి చార్టులో ధర తక్కువ వాల్యూమ్‌తో 120 దగ్గరికి వచ్చి ఆగితే అది మామూలు తిరుగురాక. వారం క్లోజ్ 116.4 కిందికి, అంటే గీతకు 3 శాతం లోపలికి, పెద్ద వాల్యూమ్‌తో వస్తే బయటికి వచ్చేయండి.

అలా బయటికి వచ్చాక చార్టును జాబితాలోంచి కొట్టేయకండి. కింది అంచు నిలిచి ఉన్నంత కాలం బేస్ వయసు సున్నాకు తిరిగిరాదు. నాలుగో వారంలో దెబ్బతిన్న మనిషి ఆ షేరు మొహం చూడనని ఒట్టు పెట్టుకోకపోతే, పదో వారం 124.5 దగ్గర నిలిచిన క్లోజ్ అతనికీ కనిపించి ఉండేది.