వేదిక మీద నాలుగు నిమిషాలు – 3వ పాఠం: ప్రతిజ్ఞలో ఒక్క వాక్యం

కిందటి పాఠంలో సభను సంబోధించే వరుస చూశాం. ఈసారి నర్సింగ్ బ్యాచ్ ప్రతినిధి చేసే ప్రసంగంలో నడుమ భాగం: గురువులకు కృతజ్ఞత, నర్సుల ప్రతిజ్ఞ. ఈ రెంటినీ విడివిడిగా రాస్తే మొదటిది పేర్ల జాబితా అవుతుంది, రెండోది అప్పజెప్పే పాఠం అవుతుంది. అందుకే రెంటినీ ఒకే వాక్యానికి ముడివేయాలి.

ముందుగా ఒక పొరపాటు దిద్దుకుందాం. ప్రతిజ్ఞను నైటింగేల్ రాశారని చాలామంది వేదిక మీద చెప్పేస్తారు. ఆమె రాయలేదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ నాయకత్వంలోని బృందం రాసి, నైటింగేల్ గౌరవార్థం ఆ పేరు పెట్టింది. 'నైటింగేల్ పేరిట ఉన్న ప్రతిజ్ఞ' అంటే సరిపోతుంది.

ఇప్పుడు ఒక వాక్యం ఎంచుకోండి. కర్నూలు పెద్దాసుపత్రి వార్డుల్లో డ్యూటీలు చేసిన బ్యాచ్ ప్రతినిధి రాస్తున్నారనుకుందాం. ఎంచుకున్న వాక్యం: 'హానికరమైన మందు తెలిసి ఎవరికీ ఇవ్వను.' ఇందులో పట్టుకోవాల్సిన మాట 'తెలిసి'. తెలిసి ఇవ్వకుండా ఉండటానికి మనసు చాలు. తెలియక ఇవ్వకుండా ఉండటానికి ఎవరో నేర్పాలి. కృతజ్ఞతకు చోటు అక్కడే ఉంది. చిత్తుప్రతి ఇలా వస్తుంది:

"తెలిసి హాని చేయనని దీపం పట్టుకుని మొదటి ఏడాదే చెప్పాం, మేడం. తెలియక చేయకుండా కాపాడింది మీరు. మందు అల్మారాలోంచి తీసేటప్పుడు ఒకసారి, సిరంజిలోకి ఎక్కించే ముందు ఒకసారి, ఖాళీ ఆంప్యూల్ పారేసే ముందు ఇంకోసారి లేబుల్ చదివించారు. నైట్ డ్యూటీలో నిద్ర ముంచుకొచ్చినా మా కళ్లు ఆ లేబుల్ దగ్గర ఆగుతున్నాయి."

ఇక్కడ పేరు లేదు. అయినా హాల్లో అందరికీ ఆ మేడం ఎవరో తెలుస్తుంది. పేర్లు చదవడం మొదలుపెడితే ఒక్కటి జారినా ఆ ఒక్కరే నొచ్చుకుంటారు. ప్రిన్సిపాల్‌ను పేరుతోను, మిగతా వారిని విభాగాల వారీగాను తలవండి. వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్లను మరవద్దు. చేయి పట్టుకుని నేర్పింది చాలావరకు వాళ్లే.

అన్నిటికంటే పెద్ద తప్పు రోగి కథ చెప్పడం. 'ఆదోని నుంచి వచ్చిన అమ్మ, ఫలానా జబ్బు, ఫలానా నెల' అన్నామంటే పేరు చెప్పకపోయినా గుర్తుపట్టేవాళ్లు అదే హాల్లో ఉండొచ్చు. రోగి విషయాలు బయటపెట్టనన్న ప్రతిజ్ఞ, దాన్ని తలచుకునే వేదిక మీదే తప్పుతుంది. ఊరు, జబ్బు, కాలం మూడూ తీసేశాక కథ నిలబడకపోతే వదిలేయండి.

ఈ వారం అభ్యాసం: ప్రతిజ్ఞలోంచి మరో వాక్యం తీసుకుని, దాన్ని చేతులతో నేర్పిన ఒక పనిని ఐదు వాక్యాల్లో రాయండి. గట్టిగా చదివితే నిమిషం దాటకూడదు. దాటితే ముందు విశేషణాలు కొట్టేయండి, పనిని మాత్రం ఉంచండి.